గుమ్మం మూలన జిడ్డు మరక: పిల్లి చెంప రాచి వదిలి వెళ్ళేదేమిటి?

పిల్లిని పెంచే ఇంట్లో ద్వారబంధం అంచునో, బీరువా మూలనో, సోఫా చేతికిందనో నేలకు జానెడు ఎత్తులో ఒక గోధుమరంగు జిడ్డు మరక కనిపిస్తుంది. మా ఇంట్లో అది వంటగది గుమ్మానికి ఎడమవైపున ఉంటుంది. అమ్మ వారానికొకసారి సబ్బునీళ్ళతో దాన్ని తుడిచేస్తుంది, పిల్లి ఆ సాయంత్రమే వచ్చి, తుడిచిన చోటును కాసేపు వాసన చూసి, పెదవి చివర నుంచి చెవి దాకా చెంపను దానికి ఆనించి రాచి వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళలో ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఆ మరక దుమ్ము కాదు, బయటి నుంచి అంటుకొచ్చిన మురికి కూడా కాదు. అది పిల్లి చర్మం నుంచి ఊరిన తైలం, ఆ తైలానికి అంటుకున్న ధూళి.

పిల్లి ముఖం మీద ఈ తైలాన్ని స్రవించే గ్రంథులు కొన్నిచోట్ల గుంపుగా ఉంటాయి. పెదవుల చుట్టూ, ముఖ్యంగా నోటి మూలల్లో, గడ్డం కింద, చెంపల మీద, కంటికీ చెవికీ మధ్య కణత దగ్గర అవి దట్టంగా కనిపిస్తాయి. కణత దగ్గర జుట్టు పలచబడి చర్మం కనబడుతున్న చోటును చూసి పెంపకందారులు తామరో, బొచ్చు ఊడే జబ్బో అనుకుని కంగారు పడుతుంటారు. చాలా పిల్లులకు అది మామూలు లక్షణమే. తోక మొదట్లో పైవైపున, తోక పొడవునా కూడా ఇలాంటి గ్రంథులే ఉన్నాయి, అందువల్లనే పిల్లి ముఖంతో మొదలుపెట్టిన రాపిడిని పక్కటెముకల మీదుగా సాగదీసి, చివరికి తోకను మన పిక్కకు చుట్టి ముగిస్తుంది.

ఏ భాగాన్ని రాచాలన్నది చాలావరకు ఎదుటి వస్తువు ఎత్తును బట్టి ఉంటుంది. నేలకు దగ్గరగా ఉన్న చెప్పు మొననో, పుస్తకం అంచునో గడ్డంతోనూ గొంతు కింది భాగంతోనూ రాస్తుంది. తల ఎత్తులో ఉన్న కుర్చీ కాలికి నోటి మూలను ఆనించి చెంప మీదుగా వెనక్కి లాగుతుంది. అంతకన్నా ఎత్తైనదైతే నుదుటినీ చెవులనూ వాడుతుంది. మనం చెయ్యి కిందికి చాపితే పిల్లి ముందుకాళ్ళను ఒక్క క్షణం నేల నుంచి ఎత్తి, చిన్నగా ఎగిరి, తలను అరచేతికి కొట్టడం చాలామంది చూసే ఉంటారు. ఆ గంతు కూడా ఎత్తు సరిచేసుకునే ప్రయత్నమే. రాపిడికి ముందు వాసన చూడడం దాదాపు తప్పనిసరి. ముందు ఏముందో చదివి, తర్వాత తనది రాస్తుంది.

ఆ తైలంలో ఏముందో రసాయనికంగా వెతికినవారిలో ఫ్రాన్స్‌కు చెందిన పశువైద్యుడు పాట్రిక్ పాజా ముఖ్యుడు. గత శతాబ్దం చివరి దశకంలో ఆయన పిల్లుల చెంపల మీది స్రావాలను సేకరించి విశ్లేషించి, అందులోని పదార్థాలను ఐదు మిశ్రమాలుగా విడదీశాడు. వాటికి ఎఫ్-1 నుంచి ఎఫ్-5 దాకా పేర్లు పెట్టారు. మన విషయానికి అక్కరకు వచ్చేవి ప్రధానంగా రెండు. పిల్లి వస్తువులకు చెంప రాచినప్పుడు వదిలేది ఎఫ్-3, తనకు పరిచయమున్న మరో పిల్లికో మనిషికో రాచడంతో ముడిపడినది ఎఫ్-4. ఎఫ్-2 మగపిల్లి జత కోసం వెతికే సందర్భానికి సంబంధించినది.

పదార్థాల పేర్లు చూస్తే వాటిలో మాయ ఏమీ కనిపించదు. ఎఫ్-3లో ఉన్నవి ఒలేయిక్, పామిటిక్, అజెలాయిక్, పిమెలిక్ అనే కొవ్వు ఆమ్లాలు. మన వేరుశెనగ నూనెలో సగానికి అటూ ఇటూగా ఉండేది ఒలేయిక్ ఆమ్లమే, పామాయిల్‌లో దండిగా ఉండేది పామిటిక్ ఆమ్లం, మొటిమలకు డాక్టర్లు రాసే కొన్ని క్రీముల్లో అజెలాయిక్ ఆమ్లం ఉంటుంది. అంటే పిల్లి సందేశం ఏదో ఒక వింత పదార్థంలో లేదు, మామూలు పదార్థాలు ఏవి, ఏ పాళ్ళలో కలిశాయన్న దానిలో ఉంది. ఒకే పచారీ కొట్టు దినుసులతో రెండిళ్ళలో రెండు రకాల సాంబారు వాసన వచ్చినట్టే ఇది కూడా. ఈ కొవ్వు ఆమ్లాలు గాలిలోకి త్వరగా ఎగిరిపోవు, కనుక మరక చాలాకాలం నిలుస్తుంది. మన ముక్కుకు మాత్రం అది దాదాపు ఏమీ వాసన వేయదు.

పిల్లికి దాన్ని చదవడానికి ముక్కుతో పాటు మరో అవయవం ఉంది. పై దవడ ముందరి పళ్ళ వెనుక, అంగిట్లో రెండు సన్నని రంధ్రాలు ఉంటాయి, అవి లోపల ఉన్న, వాసన పసిగట్టే ఆ అవయవానికి దారి తీస్తాయి. ఆవు మూత్రం వాసన చూసిన ఆంబోతు పైపెదవిని ఎత్తి, మెడ చాపి, కాసేపు అలాగే నిలబడిపోవడం పల్లెల్లో పెరిగినవారికి తెలుసు. పిల్లి కూడా అదే పని చేస్తుంది, కాకపోతే నోరు కొద్దిగా తెరిచి, అసహ్యం వేసినట్టు ముఖం పెడుతుంది, అంతే తేడా. ఎదకు వచ్చిన ఆడపిల్లి చెంప రాచిన చోటును, ఎదలో లేని పిల్లి రాచిన చోటును మగపిల్లి తేడాగా గుర్తించగలదని 1970లలోనే జరిగిన పరిశోధనలు చూపాయి. అంటే ఆ జిడ్డులో 'ఇక్కడొక పిల్లి ఉంది' అన్న కబురు ఒక్కటే కాదు, ఆ పిల్లి అప్పుడు ఏ స్థితిలో ఉందన్న కబురు కూడా ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. పిల్లి చెంప రాచడాన్ని 'ఇది నాది' అని పొలానికి హద్దురాళ్ళు పాతినట్టుగా చెప్పడం వాడుకలో ఉంది. హద్దు చాటడానికి పిల్లి వాడే సాధనం వేరే ఉంది, అది నిలబడి తోక వణికిస్తూ గోడ మీదికి చిమ్మే మూత్రం. చెంప రాపిడి కనిపించేది హద్దుల దగ్గర కాదు, ఇంటి నడిమధ్య, రోజూ తిరిగే దారుల్లో, పడుకునే చోటికీ తినే చోటికీ మధ్య. అంతకన్నా గట్టి ఆధారం మరొకటి ఉంది. తాను చెంప రాచిన చోట పిల్లి సాధారణంగా మూత్రం చిమ్మదు. ఒక గుర్తు ఉన్నచోట రెండోది అక్కరలేకపోవడాన్ని బట్టి, చెంప గుర్తుకు 'ఈ చోటు నాకు తెలిసినది, ఇక్కడ భయం లేదు' అన్న అర్థమే దగ్గరగా ఉందని నేను అనుకుంటాను. అది పక్కవాడికి వేసిన బోర్డు కన్నా తనకోసం తాను రాసుకున్న గుర్తులా పనిచేస్తుంది.

ఈ తేడా ఎందుకు తెలుసుకోవాలో సంక్రాంతి ముందు తెలుస్తుంది. పండుగకు ఇల్లంతా ఖాళీ చేసి రంగులు వేయిస్తారు, పాత సోఫా తీసేసి కొత్తది తెస్తారు, గుమ్మాలను రుద్ది కడుగుతారు. ఆ వారంలో, అంతకుముందు ఎన్నడూ ఇంట్లో పాడుచేయని పిల్లి కొత్త సోఫా పక్కనో, కొత్త రంగు వేసిన గోడ మీదనో మూత్రం చిమ్ముతుంది. ఇంటివాళ్ళు దాన్ని పొగరనో, కోపమనో అనుకుంటారు. పిల్లి వైపు నుంచి చూస్తే జరిగింది వేరు. ఏళ్ళ తరబడి జానెడు ఎత్తులో రాసుకున్న గుర్తులన్నీ ఒక్కరోజులో చెరిగిపోయాయి, వాటి స్థానంలో పెయింటు వాసనా, ఫర్నిచర్ దుకాణం వాసనా, రంగులు వేసినవారి వాసనా నిండాయి. తెలిసిన ఇల్లు తెలియని ఇల్లయింది. మెత్తని గుర్తు లేనిచోట ఘాటైన గుర్తు వచ్చింది.

ఇటువంటప్పుడు చేయవలసింది ఆ పాత గుర్తులను తిరిగి తేవడం. రంగులు వేయించేటప్పుడు పిల్లి పడుకునే గోనెపట్టానో దుప్పటినో ఉతకకుండా ఉంచి, కొత్త సోఫా మీద కొన్నాళ్ళు పరచవచ్చు. శుభ్రమైన మెత్తని నూలుగుడ్డను పిల్లి హాయిగా ఉన్న సమయంలో దాని చెంపల మీద, నోటి మూలల దగ్గర సున్నితంగా రుద్ది, ఆ గుడ్డను కొత్త ఫర్నిచర్ మూలలకు, కొత్త రంగు గుమ్మాలకు పిల్లి తల ఎత్తులో రోజూ ఒకటి రెండుసార్లు తుడవవచ్చు. పిల్లి వచ్చి ఆ చోటును వాసన చూసి తానే చెంప రాయడం మొదలుపెడితే పని అయినట్టే. మూత్రం చిమ్మిన చోటును మాత్రం పూర్తిగా శుభ్రం చేయాలి, ఎంజైములతో పనిచేసే క్లీనర్లు ఇందుకు నప్పుతాయి. మన ఇళ్ళలో అలవాటైన ఫినాయిల్ ఇక్కడ రెండు విధాల తప్పు. దాని ఘాటు వాసన మళ్ళీ కొత్త వాసనే అవుతుంది, పైగా ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడినేల మీద నడిచి, తర్వాత పాదాలు నాక్కునే జంతువుకు అది విషమే. మరో జాగ్రత్త కూడా చెప్పాలి. నిలబడి గోడ మీదికి చిమ్మడం వేరు, కూర్చుని నేల మీద కొద్దికొద్దిగా పోస్తూ ముక్కడం వేరు. రెండోది మూత్రాశయపు జబ్బు కావచ్చు. మగపిల్లి ముక్కుతున్నా చుక్క రాకపోతే అది ఆ రోజే వైద్యుడి దగ్గరికి పరుగెత్తవలసిన స్థితి.

ఎఫ్-3ని ప్రయోగశాలలో అనుకరించి చేసిన మందు 1996 నుంచి ఫెలివే పేరుతో అమ్ముడవుతోంది. దోమల మందు యంత్రంలాగే ప్లగ్‌లో పెడితే అది గదిలోకి ఆవిరవుతుంది. మూత్రం చిమ్మడాన్ని తగ్గించడంలో అది కొంత పనిచేస్తుందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, అయితే అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను 2010లో ఒకచోట చేర్చి పరిశీలించినవారు చాలా ఉపయోగాలకు ఆధారం చాలదని తేల్చారు. నా అభిప్రాయంలో నూలుగుడ్డ పద్ధతికి ఒక మేలు ఉంది. అందులో ఉన్నది ఆ పిల్లి సొంత మిశ్రమం, ఖర్చు కూడా లేదు.

ఇంతవరకు గుమ్మాల సంగతి. కాళ్ళ సంగతి ఇంకాస్త చిక్కు. మనిషి కాలికి చెంప రాచినప్పుడు కూడా పిల్లి తైలాన్ని వదులుతుంది, అందులో సందేహం లేదు. కానీ అది వదలడానికే రాస్తోందా, లేక వేరే పని చేస్తుండగా తైలం అంటుకుంటోందా అన్నది ప్రశ్న. దీనికి సంబంధించి శాస్త్రచరిత్రలో ఒక మంచి పొరపాటు ఉంది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్విన్ గథ్రీ, జార్జ్ హార్టన్ 1946లో ఒక పుస్తకం ప్రచురించారు. వారు పిల్లులను ఒక పెట్టెలో పెట్టారు. పెట్టెలో నిలువుగా ఒక కడ్డీ ఉండేది, దాన్ని కదిలిస్తే ముందరి తలుపు తెరుచుకునేది. పిల్లులు కడ్డీకి తల, చెంప, పక్కటెముకలు రాచేవి, తలుపు తెరుచుకునేది. సుమారు 800 సార్లు ఇలా బయటికి రావడాన్ని వారు గమనించి, చాలావాటిని ఫొటోలు తీశారు. ఒక్కో పిల్లి ప్రతిసారీ దాదాపు ఒకే తీరుగా రాచడం చూసి, తలుపు తెరుచుకునే ముందు చేసిన చివరి కదలికే దానికి అలవాటుగా స్థిరపడిపోతుందని, నేర్చుకోవడం అంటే ఇదేనని గథ్రీ వాదించాడు. ఆ వాదం మనస్తత్వ శాస్త్ర పాఠ్యపుస్తకాల్లో మూడు దశాబ్దాలు నడిచింది.

1979లో కెనడాకు చెందిన బ్రూస్ మూర్, సూసన్ స్టటార్డ్ అదే రకం పెట్టెలో పిల్లులను పెట్టి, ఒక చిన్న మార్పు చేశారు. కడ్డీని ముట్టుకున్నా తలుపు తెరుచుకోదు, తిండి కూడా ఇవ్వరు. పరిశీలకుడు పిల్లికి కనబడేలా కూర్చున్నప్పుడు పిల్లులు కడ్డీకి చెంప రాచాయి. పరిశీలకుడు కనబడనప్పుడు రాయలేదు. అంతే. గథ్రీ పిల్లులు తలుపు తెరవడం నేర్చుకున్నదానికి అంత సాక్ష్యం లేదు, అవి ఎదురుగా కూర్చున్న మనుషులను పలకరించాయి. మనిషిని చేరలేక, మధ్యలో అందుబాటులో ఉన్న కడ్డీకి చెంప రాచాయి. సైన్స్ పత్రికలో వచ్చిన ఆ చిన్న వ్యాసం ఒక సిద్ధాంతానికి ఉన్న ముఖ్యమైన ఆధారాన్ని లాగేసింది.

ఈ ప్రయోగం మన ప్రశ్నకు సూటిగా వర్తిస్తుంది. కడ్డీ మీద వాసన పాతబడిందా, కొత్తగా ఉందా అన్నదాన్ని బట్టి పిల్లులు రాసి ఉంటే, మనిషి కనబడడంతో పనిలేదు. మనిషి కనబడితేనే రాచాయంటే, ఆ రాపిడిలో పలకరింపు భాగం ఉన్నట్టే. మనం బయటి నుంచి వచ్చి తలుపు తీయగానే సోఫా కాలికో గుమ్మానికో చెంప రాస్తూ, మనవైపు చూస్తూ దగ్గరికి వచ్చే పిల్లిని ఇప్పుడు మరోసారి గమనించండి. అది చేస్తున్నది గథ్రీ పెట్టెలో జరిగినదే.

ఇంగ్లండ్‌లో పశువుల కొట్టాల్లో గుంపులుగా బతికే పిల్లులను 1980లలో గమనించినవారికి మరో సంగతి తెలిసింది. పిల్లుల మధ్య రాపిడి రెండువైపులా సమానంగా సాగదు. పిల్లలు పెద్దవాటికి, ఆడవి మగవాటికి ఎక్కువగా రాస్తాయి, తిరుగు రాపిడి తక్కువ. తోక నిటారుగా ఎత్తి దగ్గరికి రావడం ఆ పలకరింపుకు ముందు వచ్చే సంకేతం. తోక ఎత్తిన పిల్లి ఆకారాన్ని కత్తిరించి గోడకు అంటిస్తే, నిజం పిల్లి కూడా తోక ఎత్తి దాని దగ్గరికి వెళ్ళిందని ఇంగ్లండ్‌లోనే జరిగిన మరో ప్రయోగం చూపింది. మనిషి కాలికి రాచే పిల్లి తోక కూడా నిటారుగానే ఉంటుంది. చిన్నది పెద్దదాని దగ్గరికి వచ్చి రాచే ఈ వరస చూస్తే, 'నిన్ను నా సొత్తుగా గుర్తు వేశాను' అన్న వాడుక వ్యాఖ్యానం తలకిందులవుతుంది. యజమాని పోజు అందులో కనబడదు, పిల్ల తల్లి దగ్గరికి వచ్చిన తీరు కనబడుతుంది.

అయినా వాసన సంగతిని పూర్తిగా తోసేయలేం. బయటి నుంచి వచ్చిన మన కాళ్ళ మీద బస్సుది, ఆఫీసుది, దారిలో తల నిమిరిన కుక్కది వాసన ఉంటుంది. పిల్లి ముందు చెప్పుల దగ్గర ఆగి శ్రద్ధగా వాసన చూసి, తర్వాతే చెంప రాస్తుంది. గుంపులోని పిల్లులు ఒకదానికొకటి రాచుకుంటూ అందరికీ ఉమ్మడి వాసన ఒకటి నిలుపుకుంటాయని పరిశోధకులు ఊహిస్తున్నారు. అదే నిజమైతే మన కాలికి అంటేది ఆ ఉమ్మడి వాసనలో మన వాటా. పలకరింపూ వాసనా రెండూ ఒకే కదలికలో ఉండడంలో వింత లేదు. మనం కావలించుకున్నప్పుడు అత్తరు అంటుకుంటుంది, కానీ అత్తరు అంటించడానికే కావలించుకోము.

పిల్లి రాచి వదలని, రాచి తీసుకునే సందర్భం కూడా ఒకటి ఉంది. మన పొలంగట్ల మీద, ఇళ్ళ పక్కన మొలిచే కుప్పింటాకు మొక్కను వేళ్ళతో సహా పీకి పడేస్తే పిల్లులు దాని వేరు చుట్టూ చేరి, ముఖం రుద్ది, దొర్లడం చాలామంది చూశారు. తమిళులు ఈ మొక్కకు పెట్టిన పేర్లలో ఒకటి పూనైవణంగి, అంటే పిల్లి మొక్కే మొక్క. విదేశాల్లో క్యాట్‌నిప్ అనే మొక్కకూ, జపాన్‌లో మటటాబీ అనే తీగకూ పిల్లులు ఇలాగే స్పందిస్తాయి. జపాన్‌లోని ఇవాటె విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో మటటాబీ ఆకుల్లోని నెపెటలాక్టాల్ అనే పదార్థమే ఇందుకు కారణమని తేల్చారు, ఆ పదార్థం ముఖానికి పులుముకున్న పిల్లుల మీద దోమలు తక్కువగా వాలాయని కూడా చూపారు. అక్కడ పిల్లి ఏ కబురూ రాయడం లేదు, మందు పట్టించుకుంటోంది.

మన కాలికి అంటేవాటిలో మనకు నేరుగా తగిలేది ఎఫ్-4 కాదు. అదే తైలంలో, లాలాజలంలో ఫెల్ డి 1 అనే ఒక ప్రోటీన్ ఉంటుంది. పిల్లి పడనివారికి తుమ్ములు, కళ్ళదురద, ఆయాసం తెచ్చేది ప్రధానంగా ఇదే. ఛాతీ చర్మం కన్నా ముఖం మీది చర్మంలో ఇది ఎక్కువగా ఉంటుంది, అంటే పిల్లి సరిగ్గా దీని ఊట ఉన్న చోటునే మనకు రాస్తుంది. విత్తులు తీయించని మగపిల్లులలో ఇది మరీ ఎక్కువ. ఇది చాలా సన్నని రేణువుల మీద గాలిలో తేలి, గోడలకూ పరుపులకూ బట్టలకూ అంటుకుని ఎక్కడికైనా వెళుతుంది. పిల్లి లేని ఇళ్ళలో, బడి గదుల్లో కూడా దొరుకుతుంది. పిల్లిని ఇల్లు దాటించాక కూడా ఇంటి దుమ్ములో దీని పరిమాణం పిల్లి లేని ఇంటి స్థాయికి దిగడానికి 20 నుంచి 24 వారాలు పట్టింది. కాబట్టి పిల్లిని వారం రోజులు బంధువుల ఇంట వదిలి, 'తుమ్ములు తగ్గలేదు, కారణం పిల్లి కాదు' అని తేల్చేయడం తప్పు. పిల్లి రాచిన లుంగీతోనో చీరతోనో పరుపు మీద పడుకోకపోవడం, గుమ్మం మూలల జిడ్డును తడిగుడ్డతో తుడవడం అటువంటివారికి అక్కరకు వస్తాయి. అమ్మ తుడవడంలో ఆ మేరకు న్యాయం ఉంది.

చివరగా, రాపిడిలా కనిపించి రాపిడి కానిది ఒకటి ఉంది. రాచే పిల్లి కదులుతూ ఉంటుంది, నోటి మూల నుంచి చెవి వైపుకు జారుతుంది, కళ్ళు సగం మూస్తుంది, తర్వాత ముందుకు సాగుతుంది. అలా కాక గోడకో, మూలకో నుదుటిని నొక్కిపట్టి, కదలకుండా, పిలిచినా పలకకుండా నిలబడిపోతే అది పలకరింపు కాదు. కాలేయం పాడై రక్తంలో చేరిన విషం మెదడును కమ్మినప్పుడు, మెదడులో గడ్డ ఉన్నప్పుడు, విషపు పదార్థం తిన్నప్పుడు పిల్లి ఇలా చేస్తుంది. దాన్ని చూసినవారు ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి, వీలైతే ఆ భంగిమను సెల్‌ఫోన్‌లో వీడియో తీసి చూపాలి, ఎందుకంటే ఆసుపత్రి బల్ల మీద పిల్లి చాలాసార్లు ఆ పని చేయదు.